రెజొనెన్స్ ట్యూబ్ గ్రాఫ్: అనిశ్చితి చాలా తక్కువ వచ్చింది, శబ్ద వేగం మాత్రం తప్పు. ఎందుకు?

గొట్టంలో_గోల

మూడు రోజులుగా ఈ ప్రయోగంతో తల పట్టుకుని కూర్చున్నాను. గొట్టంలో నీటిమట్టం కొద్దికొద్దిగా దించుతూ, పైన ట్యూనింగ్ ఫోర్క్ పట్టుకుని, శబ్దం గుప్పున పెరిగిన చోట గాలి స్తంభం పొడవు రాసుకున్నాను. మొత్తం ఆరు ఫోర్కులు. ఒక్కో ఫోర్కుకు మూడేసి సార్లు చూసి సగటు తీశాను. ఒక్క రీడింగ్‌లో 0.3 సెం.మీ. అటూ ఇటూ ఉండొచ్చని నా అంచనా.

256 హెర్ట్జ్: 32.8 సెం.మీ.
288 హెర్ట్జ్: 29.4
320 హెర్ట్జ్: 26.1
384 హెర్ట్జ్: 21.6
480 హెర్ట్జ్: 17.3
512 హెర్ట్జ్: 15.9

v = 4fL అని ఒక్కోదానికి లెక్కగట్టి సగటు తీస్తే సెకనుకు 333 మీటర్లు, ± 2. సరే, గ్రాఫ్ గీస్తే బాగుంటుందని అడ్డంగా 1/f, నిలువుగా L పెట్టి, మూలబిందువు గుండా గీత గీశాను. వాలును 4తో గుణిస్తే 334.6 ± 1.5 వచ్చింది. R² చూస్తే 0.9999. పండగ చేసుకున్నాను.

తీరా ల్యాబ్ థర్మామీటర్ 28 డిగ్రీలు చూపిస్తోంది. 331.3 + 0.606 × 28 అంటే 348.3 రావాలి. రికార్డులో మా లెక్చరర్ ఎర్ర ఇంకుతో "మిగతా 14 మీటర్లు ఎక్కడ?" అని రాసి వెనక్కిచ్చారు. నా అనిశ్చితి ఒకటిన్నర మీటర్లే. తేడా దానికి తొమ్మిది రెట్లు. ఎక్కడ జారిపోయానో చెప్పండి.

సగటుబ్రహ్మ

శబ్ద వేగం 332 అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నదే కదా. మీకు 333 వచ్చింది. ఇంతకంటే బాగా ఎవరికొస్తుంది? లెక్చరర్‌కి పుస్తకం చూపించండి.

గొట్టంలో_గోల

ఆ 332 సున్నా డిగ్రీల దగ్గరిది అండీ. మా ల్యాబ్‌లో చెమటలు కారుతున్నాయి.

చెవులపిల్లి

గొట్టంలో పోసింది మంచు నీళ్లేమో కనుక్కోండి 😀

శేషం_చూడు

సగటు తీసే ముందు ఆ ఆరు అంకెలూ వరసగా చూశారా? మీ 4fL విలువలు నేను వేసి చూశాను: 336, 339, 334, 332, 332, 326. రెండోది కాస్త ఎగిరింది గానీ, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ వేగం దిగిపోతోంది. గాలిలో శబ్దం ఫోర్కును బట్టి వేగం మార్చుకోదు. రీడింగుల తప్పే అయితే అంకెలు చెల్లాచెదురుగా ఉండాలి, ఇలా మెట్లు దిగకూడదు. సగటు తీయగానే ఆ మెట్లు కనబడకుండా పోయాయి.

పాత_ల్యాబ్_మనిషి

శేషం గారు సరైన చోటే వేలు పెట్టారు. గొట్టం నోటి దగ్గర గాలి కంపనం అంచుతో టక్కున ఆగిపోదు. నోటికి పైన ఉన్న గాలి కూడా కొంత ఊగుతుంది. అంటే మీరు కొలిచిన L కన్నా అసలు గాలి స్తంభం కాస్త పొడుగు. అంత్య సవరణ అనే ఆ అదనాన్ని e అనుకుంటే, పావు తరంగదైర్ఘ్యానికి సమానమయ్యేది L కాదు, L + e. ఫ్లాంజి లేని మామూలు గొట్టానికి e దాదాపు 0.6 × వ్యాసార్ధం.

ఇప్పుడు మెట్లు ఎందుకొచ్చాయో చూడండి. ఒక సెంటీమీటరు తగ్గిందనుకుందాం. 33 సెం.మీ.లో అది 3 శాతం, 16 సెం.మీ.లో 6 శాతం. పొట్టి స్తంభానికి దెబ్బ ఎక్కువ. అందుకే 512 ఫోర్కు అందరికన్నా కింద పడింది.

L + e = v/(4f) ని కాస్త అటూ ఇటూ జరిపితే:

L = (v/4)·(1/f) − e

మీరు ఎంచుకున్న అక్షాలు సరైనవే. 1/f అడ్డంగా, L నిలువుగా. వాలు v/4. కానీ ఈ గీత మూలబిందువు గుండా వెళ్లదు, దానికి e అంత కింద నిలువు అక్షాన్ని ఖండిస్తుంది. మనకు తెలియని e ని వాలులోకి రానీయకుండా ఇంటర్‌సెప్ట్‌లోకి తోసేయడానికే ఈ గ్రాఫ్ గీస్తాం. మీరు గీతను సున్నాకు కట్టేసి ఆ దారి మూసేశారు. పోయే చోటు లేక e వెళ్లి వాలు మీద పడింది.

గొట్టం లోపలి వ్యాసం ఎంత?

గొట్టంలో_గోల

3.4 సెం.మీ. అంటే e దాదాపు 1.0 సెం.మీ. రావాలన్నమాట.

సున్నాకు ఎందుకు కట్టానంటే, 1/f సున్నా అయితే తరంగదైర్ఘ్యం సున్నా, అప్పుడు L కూడా సున్నానే కదా అనుకున్నా. పైగా ట్రెండ్‌లైన్‌లో ఆ టిక్కు పెట్టగానే గీత శుభ్రంగా కనిపించింది.

ఇప్పుడు టిక్కు తీసేసి మళ్లీ వేశాను. వాలు 86.5 మీ/సె, అంటే v = 346. ఇంటర్‌సెప్ట్ −0.88 సెం.మీ. ప్రాణం లేచొచ్చింది! కానీ ఇంకో చిక్కు. వేగం అనిశ్చితి 1.5 నుంచి దాదాపు 4కి పెరిగింది. సరైన పద్ధతిలో చేస్తే అనిశ్చితి తగ్గాలి గానీ పెరగడమేంటి?

సగటుబ్రహ్మ

అదే నేనూ అనేది. ± 1.5 వదిలేసి ± 4 పట్టుకోవడం తెలివైన పనేనా? R² కూడా మొదటి దానిలోనే ఎక్కువ ఉండి ఉంటుంది.

గొట్టంలో_గోల

నిజమే, ఇప్పుడు R² 0.9995. ఇంతకుముందు 0.9999.

శేషం_చూడు

ఆ రెండు R²లూ ఒకే త్రాసులో తూచినవి కావు. LINEST ఇలా వాడారనుకుంటా:

```
=LINEST(B2:B7, A2:A7, TRUE, TRUE)
=LINEST(B2:B7, A2:A7, FALSE, TRUE)
```

మూడో చోట TRUE అంటే ఇంటర్‌సెప్ట్‌ను వదిలేయ్, FALSE అంటే సున్నాకు కట్టేయ్. TRUE అన్నప్పుడు బిందువులు వాటి సగటు నుంచి ఎంత దూరం చెదిరాయో దానితో పోల్చి R² ఇస్తుంది. FALSE అన్నప్పుడు సున్నా నుంచి దూరంతో పోలుస్తుంది. సున్నా నుంచి మీ పొడవులన్నీ ఎలాగూ చాలా దూరమే, కాబట్టి గీత ఎలా ఉన్నా R² ఒకటికి అంటుకునే ఉంటుంది.

దానికి బదులు ప్రతి బిందువూ గీతకు ఎంత పైన, ఎంత కింద ఉందో చూడండి. 256 నుంచి 512 దాకా వరసగా, సెం.మీ.లలో:

సున్నాకు కట్టిన గీత: +0.13, +0.36, −0.04, −0.18, −0.13, −0.44
వదిలేసిన గీత: −0.13, +0.23, −0.07, −0.06, +0.15, −0.12

మొదటి వరసలో ఓ పక్క ప్లస్సులు, ఇంకో పక్క మైనస్సులు. గీత వంకరగా ఆనిందని అర్థం. రెండో దాంట్లో గుర్తులు కలగలిసిపోయాయి. పైగా అందులో చెదురు 0.17 సెం.మీ. ఉంది. మీరు ఒక్క రీడింగ్‌కు 0.3 అన్నారు, మూడింటి సగటు కాబట్టి √3తో భాగిస్తే 0.17. మీ అంచనా, గ్రాఫ్ చెప్పింది ఒకటే అయ్యాయి. మీ చెవి మీద మీకు నమ్మకం పెట్టుకోవచ్చు.

చెవులపిల్లి

చెవుల గురించి మంచి మాట విన్నాను. ఇక హాయిగా నిద్రపోతా.

పాత_ల్యాబ్_మనిషి

అనిశ్చితి పెరగడం గురించి. వాలులో అనిశ్చితిని ఇలా తీస్తారు: బిందువుల చెదురును, అవి అడ్డంగా ఎంత పరుచుకున్నాయో దానితో భాగించాలి. మీ 1/f విలువలు 1.95 నుంచి 3.91 మిల్లీసెకన్ల దాకా ఉన్నాయి. వాటి సగటు 2.86. ఒక్కోటి సగటు నుంచి ఎంత దూరమో వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే 1.74 వస్తుంది. 0.17 ÷ 1.74 = 0.098 సెం.మీ. ప్రతి మిల్లీసెకనుకు, అంటే 0.98 మీ/సె. v అంటే 4 × వాలు, 4లో అనిశ్చితి లేదు, కాబట్టి ఇదీ నాలుగింతలు అవుతుంది: 3.9. అదే మీ ± 4.

సున్నాకు కట్టేసినప్పుడు ఏమైంది? ఆ మూలబిందువు దగ్గర అసలు తప్పే లేని రీడింగ్ ఒకటి మీ దగ్గరుందని చెప్పినట్టయింది. అప్పుడు దూరాలు సగటు నుంచి కాక సున్నా నుంచి లెక్కకొస్తాయి, 1.74 కాస్తా 7.2 అవుతుంది. చెదురు 0.28కి పెరిగినా, 7.2తో భాగిస్తే అనిశ్చితి చిన్నదే వస్తుంది. ఆ ± 1.5 మీరు కొలిచి సంపాదించింది కాదు, లేని రీడింగ్‌ను ఉందని చెప్పి తెచ్చుకున్నది. గీతను తప్పు చోట మేకుతో బిగించాక అది కదలడం లేదని సంతోషిస్తే ఏం లాభం?

1/f సున్నా దగ్గర L సున్నా అన్న మాట కూడా ఒకసారి చూడండి. అంత పొట్టి తరంగానికి ఈ సూత్రమే పనికిరాదు, తరంగదైర్ఘ్యం గొట్టం వెడల్పు కన్నా బాగా పెద్దగా ఉన్నంత వరకే 0.6r లెక్క. కాబట్టి అక్కడ గీత ఎటు పోవాలో చెప్పే హక్కు మూలబిందువుకు లేదు.

వాలుగ_చేప

మాకు నేర్పింది వేరు. ఎర్రర్ బార్లు గీసి, బాగా నిటారు గీత ఒకటి, బాగా వాలిన గీత ఒకటి గీయాలి. రెండు వాలుల తేడాలో సగం అనిశ్చితి. ± 0.3 బార్లతో చివరి రెండు బిందువుల మూలలు కలిపి చూశాను. నిటారుది 89.6, వాలినది 83.5. తేడాలో సగం 3.1, నాలుగింతలు చేస్తే ± 12. మీ ± 4 మరీ ధీమాగా ఉంది.

శేషం_చూడు

మీ పేరు చూసే అనుకున్నా, వాలు విషయంలో మీరు వస్తారని.

పద్ధతి తప్పు కాదు గానీ, ఆ గీతలు చివరి రెండు బార్లను తాకితే చాలదు, మధ్యలో ఉన్నవన్నీ తాకాలి. మీ నిటారు గీత 480 దగ్గర 16.8లో దిగుతోంది, అక్కడ బారు 17.0 దగ్గర మొదలవుతుంది. వాలిన గీతేమో 288 దగ్గర 28.9లో ఉంది, బారు 29.1 నుంచి. అన్ని బార్లనూ తాకేలా గీస్తే 88.3, 84.9 మధ్యే ఆడుతుంది. అప్పుడు v లో ± 7.

వాలుగ_చేప

మళ్లీ గీసి చూశా. 480 దగ్గర నిజంగానే జారింది, ఒప్పుకుంటున్నా. కానీ 7 కూడా 4 కాదుగా? ఏది రాయాలి?

పాత_ల్యాబ్_మనిషి

రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. మీది "మరీ చెడితే ఎంత దాకా పోవచ్చు" అన్నదానికి. లీస్ట్ స్క్వేర్స్ ఇచ్చేది "ఇదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేస్తే మూడింట రెండొంతుల సార్లు ఎంత లోపల పడుతుంది" అన్నదానికి. ఏది రాసినా ఎలా తీశారో పక్కన ఒక ముక్క రాస్తే గొడవ ఉండదు. నన్నడిగితే ఆరు బిందువులకు నేను ± 4 అని రాసి, కొంచెం మొహమాటపడతాను. ఆరు బిందువుల చెదురు నుంచి తీసిన చెదురే అంత గట్టిది కాదు.

సగటుబ్రహ్మ

ఇంత బాధ ఎందుకు? 1/L అడ్డంగా, f నిలువుగా వేస్తే సరళరేఖే కదా. వాలు v/4 నేరుగా వచ్చేస్తుంది. f అంటే కొలిచినది కాదు, ఫోర్కు మీద కొట్టి ఉన్నదే, దానికి ఎర్రర్ బార్ కూడా అక్కర్లేదు.

పాత_ల్యాబ్_మనిషి

e లేకపోతే మీ మాట నిజమే. e ఉన్నప్పుడు f = v / (4(L + e)). 1/L పెడితే e హారంలోనే ఇరుక్కుపోయింది. అది సరళరేఖ కాదు, సన్నగా వంగిన గీత. ఈ హద్దుల్లో ఆ వంపు కంటికి ఆనదు, స్కేలు పెట్టి గీసేస్తారు, తప్పు వాలు వస్తుంది.

ఇంకో సంగతి. L లో 0.3 తప్పు ఉంటే 1/L లో తప్పు 0.3/L². 32.8 దగ్గర అది 0.00028, 15.9 దగ్గర 0.0012. నాలుగు రెట్లకు పైనే తేడా. కొలిచినప్పుడు సమానంగా ఉన్న బార్లు తలకిందులు చేయగానే అసమానమయ్యాయి. మామూలు ఫిట్ అన్నింటినీ సమానంగా నమ్ముతుంది. కొలిచిన దాన్ని కొలిచినట్టే నిలువు అక్షం మీద ఉంచి, లెక్కల మార్పులన్నీ కచ్చితంగా తెలిసిన దాని మీద చేస్తే ఈ బాధ ఉండదు.

తీగలాగితే

ఈ బార్ల మాటకు నాదీ ఒక గాయం ఉంది. నేను చేసింది గొట్టం కాదు, తీగ. ఒక చివర వైబ్రేటర్, ఇంకో చివర బరువులు. λ వర్గాన్ని నిలువుగా, తన్యతను అడ్డంగా వేస్తే సరళరేఖ. λ లో తప్పు ఎక్కడైనా 1 సెం.మీ. అనుకుని, వర్గం చేశాక కూడా అన్నింటికీ ఒకే సైజు బార్లు గీశాను. అలా కాదట. వర్గం చేస్తే తప్పు 2λ రెట్లు అవుతుంది. 40 సెం.మీ. దగ్గర 80, మీటరు దగ్గర 200. బార్లు గీతతో పాటు లావెక్కాలి. వైవాలో ఆ ఒక్క ప్రశ్నకే పది నిమిషాలు నిలబెట్టారు. మీరు కూడా తీగకు మారితే ఈ e గోల ఉండదు కదా?

గొట్టంలో_గోల

తీగ వచ్చే నెల అండీ. ఇది ముందు గట్టెక్కాలి.

ఫోర్కు మీద కొట్టిన అంకెను గుడ్డిగా నమ్మొచ్చా? 256 అని ఉన్నది 255 అయితే?

పాత_ల్యాబ్_మనిషి

మంచి ప్రశ్న. δ(1/f) = δf/f². కానీ అడ్డంగా ఉన్న తప్పును నేరుగా పోల్చలేం, దాన్ని వాలుతో గుణించి నిలువులోకి మార్చుకోవాలి. 256 దగ్గర 1 హెర్ట్జ్ అంటే 0.4 శాతం. 34 సెం.మీ.లో 0.4 శాతం 0.13. దాన్ని మీ 0.3తో వర్గాలు చేసి కలిపి మూలం తీస్తే 0.33. 512 దగ్గర 0.03 మాత్రమే, లెక్కలోకే రాదు. ఒక్క రీడింగ్ పక్కన పెట్టి చూస్తే వదిలేయొచ్చు.

అయితే ఒక షరతు. మీరు మూడుసార్లు సగటు తీసినా ఫోర్కు తప్పు తగ్గదు, అదే ఫోర్కు కాబట్టి. చేతుల్లో నలిగిన ల్యాబ్ ఫోర్కుల్లో తుప్పు పట్టినవి, ఎవరో ఆకురాయితో రుద్దినవి ఉంటాయి. కొమ్ము కొస రుద్దితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, ఏదైనా అంటుకుంటే తగ్గుతుంది. 288 ఒక్కటే గీతకు +0.23 పైన ఉంది చూశారా? అది చెదురా, ఫోర్కా అన్నది ఒక్క సెట్‌తో తేలదు.

నిశ్శబ్దం_22

రెండో అనునాదం తీసుకోండి అని ఎవరూ అనలేదేం? నీళ్లు ఇంకా దించితే మళ్లీ మోగుతుంది. L₂ − L₁ = λ/2. e రెండింట్లోనూ ఉంది కాబట్టి కొట్టుకుపోతుంది. గ్రాఫే అక్కర్లేదు.

గొట్టంలో_గోల

నా గొట్టం 60 సెం.మీ. మాత్రమే. 256కి రెండోది మీటరు దాటుతుంది. 480, 512కి మాత్రం అందుతుంది. రేపు తీస్తా.

గొట్టంలో_గోల

తీశాను. 480కి 53.3, 512కి 50.1. ఇవీ మూడేసి సార్ల సగటే. ఉష్ణోగ్రత అదే 28.

నిశ్శబ్దం గారి పద్ధతిలో v = 2f(L₂ − L₁):
512తో 350.2
480తో 345.6

రెండు పొడవుల తేడా కాబట్టి అనిశ్చితి 0.17 × √2 = 0.24 సెం.మీ. 34.2లో అది 0.7 శాతం, అంటే ± 2.5 మీ/సె. రెండూ 348కి అటూ ఇటూ నిలబడ్డాయి.

నిశ్శబ్దం_22

చెప్పానా. పని అయిపోయింది.

పాత_ల్యాబ్_మనిషి

అయిపోయింది గానీ అలా చేస్తే మిగతా నాలుగు ఫోర్కుల కష్టం వృథా. ఈ రెండు కొత్త రీడింగులనూ అదే గ్రాఫ్ మీదకు తీసుకురండి. రెండో అనునాదంలో L + e = 3v/(4f). కాబట్టి అడ్డంగా 1/f బదులు మొదటి వాటికి 1/f, రెండో వాటికి 3/f పెట్టండి. వాలు అదే v/4, ఇంటర్‌సెప్ట్ అదే −e. కొత్త బిందువులు 5.86, 6.25 మిల్లీసెకన్ల దగ్గర పడతాయి. మీ బిందువులు అడ్డంగా రెండు మిల్లీసెకన్ల మేర ముడుచుకుని ఉన్నవి, ఇప్పుడు నాలుగుకు పైగా పరుచుకుంటాయి. పొడుగు స్కేలును రెండు చివర్లా పట్టుకున్నట్టు, వాలు తక్కువ ఊగుతుంది.

గొట్టంలో_గోల

ఎనిమిది బిందువులతో వేశాను.

వాలు 86.99 ± 0.36 మీ/సె
v = 348.0 ± 1.4 మీ/సె
e = 1.0 ± 0.14 సెం.మీ.

చెదురు 0.15. అంటే చెవి అంతకుముందులాగే ఉంది, దాదాపు ఏమీ మెరుగవలేదు. బిందువులు పరుచుకోవడం వల్లే ± 4 కాస్తా ± 1.4 అయింది. పైగా e సరిగ్గా 0.6r! ఇవాళ రికార్డు ఇచ్చేస్తున్నా.

చెవులపిల్లి

తప్పుగా చేసినప్పుడు ± 1.5, ఒప్పుగా చేసినప్పుడు ± 1.4. ఎర్ర ఇంకు ఆయనకు తేడా ఎలా చెబుతారో చూడాలని ఉంది.

శేషం_చూడు

e గురించి మరీ సంబరపడకండి. మీ స్కేలు సున్నా గొట్టం అంచుకు సరిగ్గా అతికి ఉందా? అక్కడ ఎంత తేడా ఉన్నా మొత్తం ఇంటర్‌సెప్ట్‌లోకే పోతుంది. వాలుకు ఏమీ కాదు, అన్ని పొడవులూ ఒకేలా జరుగుతాయి కాబట్టి. v గట్టిదే. కానీ e అని మీరు రాసింది అంత్య సవరణా, స్కేలు జరగడమా అన్నది గ్రాఫ్ విడదీసి చెప్పలేదు.

నిశ్శబ్దం_22

మరీ అనుమానం. 0.6r కి సరిగ్గా సరిపోతే అది e కాక ఇంకేంటి?

పాత_ల్యాబ్_మనిషి

సరిపోయిందని చూడ్డం మానేస్తే ఎలా? v విషయంలోనూ ఒక మాట. ఆ 348.3 పొడి గాలికి, బయట పారే శబ్దానికి. మీ గొట్టంలో కింద నీళ్లున్నాయి, లోపల గాలి తడి. 28 డిగ్రీల దగ్గర బాగా తడిసిన గాలిలో వేగం అర శాతం దాకా ఎక్కువ. మరోపక్క సన్న గొట్టంలో గోడలను ఆనుకున్న గాలి పొర వల్ల వేగం దాదాపు అంతే తగ్గుతుంది, మీ గొట్టానికి అదీ అర శాతం దరిదాపుల్లోనే. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 348.0 వచ్చిందో, గాలి అంత తడిగా లేదో నేను చెప్పలేను. ± 4 ఉన్నప్పుడు ఈ ఒకటిన్నర మీటర్లు ఎవరికీ పట్టవు. ± 1.4కి వచ్చాక పట్టించుకోవాలి.

సగటుబ్రహ్మ

ఇంకో వారం ఆగితే గాలే లేదంటారు మీరు.

గొట్టంలో_గోల

శేషం గారు అన్నాక వెళ్లి చూశాను. స్కేలు టేపు సున్నా గొట్టం అంచుకు 2 మి.మీ. కింద మొదలవుతోంది. ఎవరో కత్తిరించి అతికించారు. అంటే నా పొడవులన్నీ 0.2 సెం.మీ. తక్కువ చదివాను. v మారలేదు, 348.0. e మాత్రం 0.8 ± 0.14 అయింది. 1.0 రావాల్సింది. ఒకటిన్నర సిగ్మా దూరం, గోల చేసేంత కాదు, అలాగని సరిపోయిందని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోర్కును నోటికి మరీ దగ్గరగా పట్టుకుంటే e మారుతుందా?

పాత_ల్యాబ్_మనిషి

మారొచ్చు. ఎంత ఎత్తులో పట్టుకున్నారు?

గొట్టంలో_గోల

అది రాసుకోలేదు.